కాళ్లకు నీరు వచ్చిందని గొంతుకు నీళ్లు ఆపకండి

నెల్లూరు జిల్లాలో కడుపుతో ఉన్న కోడలినో కూతురినో కనిపెట్టుకుని ఉన్న అత్తమ్మలకు, అమ్మలకు,

నమస్కారం. నేను ఆత్మకూరు వైపు పల్లెల్లో ఇరవై ఆరేళ్లు ఏఎన్ఎంగా తిరిగి రిటైరయ్యాను. మీలో చాలామంది నాకు తెలియదు. కానీ ఇంట్లో అమ్మాయి కడుపుతో ఉంటే ఏం తినాలో, ఏం తాగాలో, ఎలా స్నానం చేయాలో నిర్ణయించేది డాక్టరూ కాదు, నాలాంటి ఏఎన్ఎమ్మూ కాదు, మీరేనని తెలుసు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

మన మాటల్లో గర్భం చుట్టూ అంతా నీళ్లే. నెల తప్పితే నీళ్లోసుకుంది అంటాం. బిడ్డ ఉమ్మనీటిలో ఉందంటాం. నెలలు పెరిగాక పాదాలు ఉబ్బితే కాళ్లకు నీరు వచ్చింది అంటాం. ఈ మూడో మాట దగ్గరే పొరపాటు జరుగుతోంది. నీరు వచ్చింది కదా, ఇక నీళ్లు తగ్గించు అంటున్నాం. మామూలు రోజుల్లోనే అది తప్పు. మన జిల్లాలో మే నెలలో, రోహిణి కార్తెలో అయితే అది తల్లికీ బిడ్డకీ ప్రమాదం.

మా చెల్లెలి కూతురి విషయం చెబుతాను. ఇరవై మూడేళ్ల పిల్ల, తొలి కాన్పు. రేకుల ఇల్లు. మే 9న గర్భిణుల చెకప్‌కి వెళ్లింది. బీపీ 110/70. మూత్రంలో ప్రోటీన్ లేదు. బరువు సరిగానే పెరుగుతోంది. పాదాలు చూసిన సిస్టరు "కొంచెం నీరు వచ్చిందమ్మా, కాళ్లు పైకి పెట్టుకుని పడుకో" అన్నది. ఇంటికొచ్చేసరికి ఆ మాటలో మొదటి సగమే మిగిలింది. వాళ్ల అత్తగారు మంచి మనిషి. కోడలంటే ప్రాణం. ఆ ప్రాణం కొద్దీ కోడలి దగ్గర నుంచి చెంబు తీసేసింది. పొద్దున ఒక గ్లాసు కాఫీ, అన్నంలో ఒక గ్లాసు నీళ్లు, సాయంత్రం కొంచెం మజ్జిగ, రాత్రి మాత్రలకు రెండు గుక్కలు. అన్నీ కలిపినా లీటరు కాదు. వాపులు లాగేస్తాయని రోజూ సాయంత్రం నడుము మీద, పిక్కల మీద కాగిన నీళ్లు పోసేది.

రెండు వారాలు అలాగే గడిచాయి. రోహిణి కార్తె మొదలయ్యింది, ఎనిమిదో నెల నడుస్తోంది. ఒక సాయంత్రం బాత్రూములో వేడినీళ్లు పోస్తుండగానే పిల్లకు కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకుని కూలబడింది. ఆ రాత్రి పది గంటల నుంచి పొట్ట రాయిలా గట్టిపడటం, వదలటం. పది నిమిషాలకొకసారి. నాకు ఫోన్ చేశారు. మూత్రం ఎప్పుడు పోసిందని అడిగాను. మధ్యాహ్నం అన్నారు. ఏ రంగులో ఉందంటే చిక్కటి టీ డికాషన్‌లా ఉందన్నారు. వెంటనే బయల్దేరమన్నాను.

ఆసుపత్రిలో చూస్తే నాడి నిమిషానికి 118. బీపీ 96/60. నాలుక ఎండిపోయింది. మూత్రంలో కీటోన్లు ఉన్నాయి, అంటే ఒంట్లో నీళ్లూ తగ్గాయి, తిండీ తగ్గింది. గర్భసంచి ముఖద్వారం ఇంకా తెరుచుకోలేదు, అదొక్కటే అదృష్టం. సెలైన్ పెట్టారు, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు. తెల్లవారేసరికి పొట్ట బిగుసుకోవటం ఆగింది. మూత్రం పరీక్షకు పంపితే ఇన్ఫెక్షన్ కూడా ఉందని తేలింది. దానికి వారం మందులు వాడింది. తర్వాత నెలలు నిండాకే కాన్పయింది, తల్లీ బిడ్డా బాగున్నారు. కానీ ఆ రాత్రి ముఖద్వారం తెరుచుకుని ఉంటే బిడ్డను నెల్లూరుకో చెన్నైకో తీసుకుని పరుగెత్తాల్సి వచ్చేది.

మీరు అడగొచ్చు, కాళ్లలో అంత నీరున్న పిల్లకు ఒంట్లో నీళ్లు తగ్గడమేమిటని. నన్ను ఊరూరా అడిగిన ప్రశ్నే ఇది.

చెరువు కింద పొలం ఉన్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కట్ట కింద ఊట దిగి అక్కడ చిత్తడిగా ఉందనుకోండి. ఆ చిత్తడి పోవాలని చెరువులోకి వచ్చే కాలువ కట్టేస్తే ముందు ఎండేది చిత్తడి కాదు, తూము కింద ఆయకట్టు. ఒంట్లో చెరువు రక్తనాళాలు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఒంట్లో ఆరేడు లీటర్ల నీరు అదనంగా చేరుతుంది. అది రోగం కాదు, బిడ్డ కోసం శరీరం చేసుకునే ఏర్పాటు. పెరిగిన గర్భసంచి కాళ్ల నుంచి పైకి వచ్చే రక్తాన్ని కొంచెం అడ్డుకుంటుంది. ఎండకు రక్తనాళాలు వెడల్పవుతాయి. దాంతో కొంత నీరు నాళాల్లోంచి పాదాల కండలోకి ఊరుతుంది. అలా ఊరిన నీరు చెమట పోసినప్పుడు అక్కరకు రాదు. చెమటకు కావలసిన నీళ్లు రక్తంలోంచే రావాలి. తాగడం ఆపితే రక్తం చిక్కబడి, బీపీ పడిపోయి, గర్భసంచికి వెళ్లే రక్తం తగ్గుతుంది. పైగా నీళ్లు దొరకడం లేదని మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఇంకా గట్టిగా పట్టేసుకుంటాయి. వాపు మాత్రం అక్కడే ఉంటుంది.

పొట్ట గట్టిపడటానికీ దీనికీ సంబంధం ఉంది. నీళ్లు తగ్గినప్పుడు ఉన్నదాన్ని కాపాడుకోవడానికి మెదడు ఒక హార్మోను వదులుతుంది. అది నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్‌కు దగ్గరి చుట్టం లాంటిది. మూత్రం తక్కువగా, చిక్కగా ఉంటే అందులో క్రిములు పెరుగుతాయి, ఆ ఇన్ఫెక్షన్ కూడా పొట్టను బిగిస్తుంది. నెలలు నిండకముందు వచ్చే నొప్పులన్నీ నీళ్లు తగ్గడం వల్లనే అని నేను చెప్పడం లేదు. సెలైన్ పెడితే అన్నీ ఆగుతాయనీ చెప్పడం లేదు. కానీ ఎండాకాలంలో పొట్ట ఊరికే గట్టిపడుతుంటే ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగించి, ఎడమవైపు పడుకోబెట్టి, చేయి వేసి లెక్కపెట్టండి. గంటలో నాలుగైదుసార్లకు మించి బిగుసుకుంటే, లేదా క్రమం తప్పకుండా వస్తుంటే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం కనపడినా, ఉమ్మనీరు కారినా, బిడ్డ కదలిక తగ్గినా గంట కూడా ఆగవద్దు.

మరి వాపులకు ఏం చేయాలి? కాళ్లు వేలాడేసి కూర్చోనివ్వకండి. రోజులో రెండు మూడుసార్లు ఎడమవైపు తిరిగి, కాళ్ల కింద దిండు పెట్టుకుని అరగంట పడుకోమనండి. చల్లపొద్దున కాసేపు నడవాలి. పట్టీలు బిగుతుగా ఉంటే తీసేయాలి. ఒక్క వాపు విషయంలో మాత్రం ఇంటి వైద్యం పనికిరాదు. ముఖం, చేతులు ఉబ్బడం, ఉంగరం వేలికి పట్టకపోవడం, తలనొప్పి, కళ్లు మసకలు, కుడివైపు డొక్క కింద నొప్పి. ఇందులో ఏది కనపడినా ఆ రోజే బీపీ చూపించండి. 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే అది బీపీ జబ్బు. నీళ్లు తగ్గిస్తే పోయేది కాదు, పెంచితే పోయేదీ కాదు. మందులు కావాలి.

ఇక ఎంత తాగాలి అన్నది. మామూలు రోజుల్లో కడుపుతో ఉన్నామె రెండున్నర లీటర్ల దాకా తాగాలి. మన ఎండల్లో, అందులోనూ రేకుల ఇంట్లో, మూడు లీటర్లు దాటినా ఆశ్చర్యం లేదు. లెక్క కోసం లీటరు సీసా ఒకటి ఆమె కోసమే పెట్టండి. పొద్దున టిఫిను నుంచి మధ్యాహ్నం అన్నం లోపల ఒకటి, పొద్దు వాలేలోపల ఇంకొకటి, రాత్రి పడుకునేలోపల మూడోదాంట్లో సగమైనా. ఒకేసారి గటగటా తాగితే వాంతి వస్తుంది. గంటకు ఒక గ్లాసు చొప్పున తాగితే కడుపులో నిలుస్తుంది. మజ్జిగ, రాగి అంబలి, కొబ్బరినీళ్లు, నిమ్మరసం అన్నీ లెక్కలోకి వస్తాయి. షుగరు ఉన్న గర్భిణికి మాత్రం చక్కెర వేసిన నిమ్మరసం, కూల్‌డ్రింకులు వద్దు. గుండె జబ్బో మూత్రపిండాల జబ్బో ఉండి డాక్టరు ఇంతే తాగమని చెప్పినవాళ్లు డాక్టరు మాటే వినాలి, నా లెక్క వాళ్లకు కాదు.

సరిపడా తాగుతోందా లేదా అనేది మూత్రం చెబుతుంది. మూడు నాలుగు గంటలకొకసారి ధారాళంగా, లేత గడ్డి రంగులో వస్తే చాలు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకున్నాక మూత్రం పసుపు కలిపినట్టు మెరుస్తూ వస్తుంది. దాన్ని చూసి భయపడవద్దు, అది మాత్ర రంగు. నీళ్లు తగ్గినప్పటి రంగు వేరు. ముదురుగా, గోధుమ చాయలో, ఘాటు వాసనతో, కొంచెం కొంచెంగా వస్తుంది. మంట ఉంటే ఇన్ఫెక్షన్ అని అనుమానించి పరీక్ష చేయించండి.

విరేచనాలో వాంతులో పట్టుకుంటే ఓఆర్ఎస్ పొడి వాడండి. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. పొట్లం మీద లీటరని రాసుందో లేదో చూసుకోండి. చాలామంది సగం పొట్లం ఒక గ్లాసులో వేసి ఇస్తారు. అంత ఉప్పు పడితే దాహం ఇంకా పెరుగుతుంది. కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి.

ఇప్పుడు వేడినీళ్ల స్నానం. దీని గురించి నేను జాగ్రత్తగా మాట్లాడతాను, ఎందుకంటే మనవాళ్లలో కొందరు వేడినీళ్లు పోస్తే బిడ్డ ఉడికిపోతుందని హడలగొడతారు, కొందరు ఎంత వేడి పోస్తే అంత మంచిదంటారు. రెండూ సరికాదు. చెంబుతో పోసుకునే నీళ్లు ఒంటి మీద నుంచి జారిపోతాయి. మధ్యమధ్యలో గాలి తగిలి ఒళ్లు చల్లబడుతుంది. అలా పోసుకుంటే లోపలి వేడి ప్రమాదం దాకా పెరగడం అరుదు. అసలు ప్రమాదం వేరే ఉంది. వేడినీళ్లకు చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుని బీపీ ఒక్కసారిగా పడుతుంది. అప్పటికే నీళ్లు తక్కువ తాగిన పిల్లయితే తల తిరిగి బాత్రూములో పడుతుంది. మా పిల్లకు జరిగింది అదే. పొట్ట మీద పడితే మాయ విడిపోవచ్చు. కాబట్టి గోరువెచ్చని నీళ్లు చాలు. మోచేయి ముంచితే వేడి అనిపించకూడదు. చర్మం ఎర్రబడితే వేడి ఎక్కువైనట్టే. లోపల గడియ పెట్టుకోనివ్వకండి, ఒక స్టూలు వేయండి. ఇంకొకటి, ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లు కాచకుండానే కాగి ఉంటాయి. సాయంత్రం స్నానానికి నీళ్లు పొద్దునే బకెట్లో పట్టి నీడన పెట్టుకోవాలి.

టబ్బులో వేడినీళ్లలో మునిగి కూర్చోవడం, ఆవిరి గది, ఆవిరి పెట్టె, సానా ఇవి పూర్తిగా వేరు. ఒళ్లు చల్లబడటానికి చెమట ఆరాలి. మునిగి ఉన్న ఒంటికి, ఆవిరి కమ్మిన గదిలో ఉన్న ఒంటికి చెమట ఆరే దారే లేదు. 40 డిగ్రీల వేడినీళ్ల టబ్బులో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే చాలు, ఒంటి లోపలి వేడి 39 డిగ్రీల వైపు, అంటే 102 ఫారెన్‌హీట్ వైపు పోతుంది. బిడ్డ ఎప్పుడూ తల్లి కంటే అర డిగ్రీ వేడిగానే ఉంటుంది. బిడ్డకు చెమట లేదు, తన వేడిని మాయ ద్వారా తల్లి రక్తంలోకి వదలాలి. తల్లే వేడెక్కితే బిడ్డకు వేడి వదిలే చోటు ఉండదు.

ఇందులో కొత్త కోడళ్ల విషయం ముఖ్యం. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అంటే నెల తప్పి రెండు వారాలయ్యేలోపల. చాలామందికి అప్పటికి గర్భం సంగతే తెలియదు. ఆ రోజుల్లో ఒంటి వేడి 39 దాటితే ఆ గొట్టం సరిగా మూసుకోని లోపాలు పెరుగుతాయని పరిశోధనల్లో కనిపించింది. ఫిన్లాండులో గర్భిణులు సానాకు వెళ్లినా ఏమీ కావడం లేదు కదా అని ఒక చదువుకున్న అమ్మాయి నన్ను అడిగింది. వాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు, కొద్ది నిమిషాలే కూర్చుని బయటికి వస్తారు. అలవాటు లేని మనం బయట 42 డిగ్రీల ఎండలో తిరిగి వచ్చి ఆవిరి గదిలో కూర్చోవడం దానితో సమానం కాదు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు, నెల తప్పినవాళ్లు బ్యూటీ పార్లరులోనూ జిమ్ములోనూ ఒంటికి ఆవిరి పట్టించుకోవద్దు. తెలియక ఒకసారి ఐదు నిమిషాలు కూర్చున్నామని టెన్షన్ పడనక్కరలేదు. డాక్టరుకు చెప్పి, ఫోలిక్ యాసిడ్ మాత్ర మానకుండా వేసుకుని, ఐదో నెలలో చేసే స్కానింగు తప్పక చేయించుకుంటే సరిపోతుంది. జలుబు చేసినప్పుడు ముఖానికి మాత్రం ఆవిరి పట్టడంలో తప్పు లేదు.

జ్వరానికీ ఇదే లెక్క. జ్వరం వచ్చిన గర్భిణికి దుప్పటి కప్పి చెమట పట్టించకండి. పారాసిటమాల్ వేయించి, తడిగుడ్డతో తుడిచి, డాక్టరుకు చూపించండి. ఒళ్లు నొప్పులకు వాడే వేరే మాత్రలు అడగకుండా ఇవ్వవద్దు.

చల్లగా ఉండటం ఎలాగన్నది మన జిల్లాలో ఊరిని బట్టి మారుతుంది. ఉదయగిరి, వింజమూరు వైపు గాలి పొడి. అక్కడ తడి తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని ఫ్యాను కింద కూర్చుంటే చాలా హాయి, కూలరూ బాగా పనిచేస్తుంది, కిటికీ ఒకటి తెరిచి ఉంచితే. మైపాడు, అల్లూరు, ముత్తుకూరు వైపు ఉప్పుగాలి, ఉక్కపోత. చెమట ఆరదు. అక్కడ మూసిన గదిలో కూలరు పెడితే గది ఆవిరి పెట్టెలా తయారవుతుంది. ఆ వైపువాళ్లు రోజుకు రెండు మూడుసార్లు చల్లనీళ్లు పోసుకుని, వదులు నూలు బట్టలు వేసుకుని, సముద్రం గాలి తిరిగే వేళకు వరండాలో కూర్చోవడం మేలు. రేకుల ఇంటికైతే పైన సున్నం కొట్టించండి, లేదా గడ్డి పరవండి. గది బాగా కాగినప్పుడు ఒట్టి ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది, ఒళ్లు తడిపాకే ఫ్యాను వేయాలి.

ఎడగారు నాట్లకు కూలికి పోయే గర్భిణుల గురించి కూడా చెప్పాలి. చెన్నై శ్రీరామచంద్ర సంస్థ పరిశోధకులు తమిళనాడులో 800 మంది గర్భిణులను గమనించారు. ఎండవేడిలో పనిచేసేవారిలో గర్భం పోవడం, చల్లని చోట పనిచేసేవారితో పోలిస్తే సుమారు రెట్టింపు కనిపించింది. ఆ ఎండ మన ఎండ లాంటిదే. పని మానిపించగలిగితే మానిపించండి. కుదరకపోతే పదకొండుకల్లా ఇంటికి రావాలి, సీసా వెంట ఉండాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి మనలో లేనట్టుంటే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, నీడన ఎడమవైపు పడుకోబెట్టి, చీర మీదే నీళ్లు పోసి విసరండి. తెలివి లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర వడదెబ్బకు పనిచేయదు.

చివరగా జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వారికి ఒక మాట. ఆ మే 9న మా పిల్ల చెకప్ కోసం షామియానా కింద మూడు గంటలు కూర్చుంది. ఆసుపత్రి పేరు రాయను. అక్కడ బాత్రూముకు తాళం వేసి ఉంది. బాత్రూము లేదని ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా మూత కూడా తీయలేదు. పక్కన కూర్చున్న ఆడవాళ్లూ తాగలేదట. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఈ చెకప్ ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టండి. ప్రతి పీహెచ్‌సీలో ఆ రోజు బాత్రూము తాళం తీసి, లోపల నీళ్లున్నాయో లేదో చూసే పని ఒక మనిషికి పేరు రాసి అప్పగించండి. వాపులు చూసిన సిస్టరమ్మలు "నీరు వచ్చింది" అన్న వెంటనే "నీళ్లు తగ్గించవద్దు" అని కూడా, వెంట వచ్చిన అత్తగారు వినేట్టు చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
ఆత్మకూరు డివిజన్, నెల్లూరు జిల్లా